పిల్లాడి మైనస్ నాలుగున్నరకు ఏ అద్దం: గాజా, పాలీకార్బొనేటా, హైఇండెక్సా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఏడాదిన్నర క్రితం మైనస్ మూడు ఉన్న పవర్ ఇప్పుడు రెండు కళ్లకూ మైనస్ నాలుగున్నర అయింది. పాత అద్దాలు ఆరు నెలలకే గీతలు పడి మసకబారాయి. షాపులో "పవర్ ఎక్కువ కదా, 1.67 హైఇండెక్స్ వేయిద్దాం, పల్చగా, తేలిగ్గా ఉంటాయి" అంటున్నారు. ధర పాలీకార్బొనేట్‌కి రెట్టింపు పైనే. మా మామగారేమో తను ఇరవై ఏళ్లుగా గాజు అద్దాలే వాడుతున్నాననీ, ఒక్క గీత పడలేదనీ, పిల్లాడికీ గాజే వేయించమనీ పట్టుబడుతున్నారు. మా ఆయన వాడేది 1.67. ఎవరి మాట వినాలి?
— ఒక తల్లి, తెనాలి

జవాబు:

అమ్మా, బాబుకి పాలీకార్బొనేట్ వేయించండి. 1.67కి పెట్టబోయే అదనపు డబ్బులో కొంత మంచి హార్డ్ కోటింగ్ మీద పెట్టండి, మిగిలింది దాచండి. వచ్చే ఏడాదికి మళ్లీ అద్దాలు మార్చాల్సి రావచ్చు. షాపువాళ్లు చెప్పిన "పల్చగా" అన్న మాటలో నిజం ఉంది. "తేలిగ్గా" అన్నది మాత్రం మీ బాబు పవర్‌కి, వాడి ముఖం సైజుకి నిలబడదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

అద్దం బరువు రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. ఆ పదార్థం ఎంత బరువైనది అన్నది ఒకటి, ఆ పవర్ రావడానికి ఎంత మందం కావాలి అన్నది రెండోది. ఒక ఘన సెంటీమీటరు గాజు సుమారు 2.5 గ్రాములు తూగుతుంది. పాలీకార్బొనేట్ 1.2 గ్రాములు. 1.67 ప్లాస్టిక్ దాదాపు 1.35 గ్రాములు. అంటే ముక్కకు ముక్క పోలిస్తే హైఇండెక్స్ ప్లాస్టిక్ పాలీకార్బొనేట్ కంటే బరువైనదే. 1.67 అన్న అంకె బరువుని చెప్పేది కాదు. వెలుతురుని ఆ పదార్థం ఎంత గట్టిగా వంచుతుందో చెప్పే అంకె అది. మామూలు గాజుకి 1.523, పాలీకార్బొనేట్‌కి 1.586. అంకె పెరిగితే అదే పవర్‌కి తక్కువ వంపు చాలు, వంపు తగ్గితే అద్దం పల్చబడుతుంది. మైనస్ అద్దం మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది కనుక ఆ తేడా అంచు దగ్గరే కనిపిస్తుంది.

మీ బాబు వయసు పిల్లల్లో చాలామందికి రెండు కంటిపాపల మధ్య దూరం 54 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఫ్రేము 46-16 అనుకుందాం. ఈ అంకెలు ఫ్రేము కాడ లోపలివైపు అచ్చేసి ఉంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీద రెండు అద్దాల మధ్య ఎడం. రెండూ కలిపితే 62. పాపల మధ్య దూరం 54 కాబట్టి ఒక్కో అద్దం కేంద్రాన్ని ఫ్రేము మధ్య నుంచి 4 మిల్లీమీటర్లు ముక్కు వైపుకి జరపాలి. అప్పుడు ఆ కేంద్రం నుంచి చెవి వైపు అంచు 27 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. అద్దంలో అన్నిటికంటే మందమైన చోటు అదే.

ఈ కొలతలతో గాజు అద్దాన్ని మధ్యలో 2 మిల్లీమీటర్లు ఉంచి చేస్తే అంచు 5.1 మిల్లీమీటర్లు అవుతుంది. పాలీకార్బొనేట్‌ని మధ్యలో 1.5 ఉంచి చేస్తే అంచు 4.3. 1.67ని కూడా అదే 1.5తో చేస్తే 3.9 దాటదు. అంటే మీరు రెట్టింపు డబ్బు పెడితే తగ్గే మందం అర మిల్లీమీటరు కూడా లేదు. ఇక బరువు సంగతి. గాజైతే రెండు అద్దాలూ కలిపి సుమారు 21 గ్రాములు, పాలీకార్బొనేట్ 8 గ్రాములు, 1.67 ఎనిమిదిన్నర గ్రాములు. ఫ్రేము బరువు వీటికి అదనం. ఫ్రేము ఆకారాన్ని బట్టి ఈ బరువులు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ వరస మారదు. పిల్లాడి ముక్కు దూలం ఇంకా పూర్తిగా ఎదగదు, చదునుగా ఉంటుంది. గాజు బరువు దాని మీద ఆగదు, కళ్లజోడు కిందికి జారుతుంది. జారితే వాడు అద్దం పైఅంచులోంచి చూడటం మొదలెడతాడు. ఆ చోట కేంద్రంలోంచి చూసినంత చక్కగా కనిపించదు. పిల్లల కళ్లజోడులో బరువుని ఇంతగా పట్టించుకునేది అందుకే.

కొన్ని షాపుల్లో 1.67ని మధ్యలో 1.5 కాకుండా 1.2 దాకానో, ఇంకా కిందికో పల్చన చేయించి, పాలీకార్బొనేట్ పక్కన పెట్టి చూపిస్తారు. అప్పుడు తేడా ఎక్కువగా కనిపిస్తుంది, బరువు కూడా కాస్త తగ్గుతుంది. పెద్దవాళ్లకి ఫరవాలేదు. ఎనిమిదేళ్ల పిల్లాడికి మాత్రం మధ్యలో అంత పల్చటి 1.67 వద్దు. బంతో మోచెయ్యో వచ్చి తగిలేది నేరుగా కంటి ముందున్న ఆ మధ్యభాగానికే.

అద్దం పల్చగా కనిపించాలంటే చేతిలో ఉన్న అసలైన దారి ఫ్రేము. 46-16 బదులు 44-16 తీసుకున్నారనుకోండి. పాలీకార్బొనేట్ అంచు 3.9కి దిగుతుంది. పెద్ద ఫ్రేములో 1.67 వేయిస్తే వచ్చే మందం ఇక్కడ చిన్న ఫ్రేముతోనే వచ్చేసింది. తిరగేసి చూస్తే, ఎదిగే పిల్లాడు కదా అని 50-18 కొన్నారనుకోండి. పాలీకార్బొనేట్ అంచు 5.4కి పోతుంది, 1.67 వేయించినా 4.9 ఉంటుంది. కనుక ముందు ఫ్రేము తేల్చుకోండి. బాబు అద్దంలోంచి నేరుగా చూస్తున్నప్పుడు వాడి పాప ఒక్కో అద్దానికి దాదాపు మధ్యలో ఉండేలా, గుండ్రటి మూలలతో, చుట్టూ పూర్తి అంచున్న ప్లాస్టిక్ ఫ్రేము చూడండి. మందమైన అంచు ఆ ప్లాస్టిక్ వెనక చాలావరకు దాగిపోతుంది. బట్టల్లాగా ఒక సైజు పెద్దది కొనే అలవాటు ఇక్కడ నష్టమే చేస్తుంది.

మీ మామగారి మాటకి వస్తాను. ఆయన చెప్పింది నిజం. గీతల విషయంలో గాజుని మించింది లేదు. ఏ ప్లాస్టిక్‌కి ఎంత గొప్ప కోటింగ్ వేసినా గాజుకున్న గట్టిదనం రాదు. పాలీకార్బొనేట్ అయితే ఈ మూడింటిలోనూ మెత్తనిది, కోటింగ్ లేకుండా గోరుతో గట్టిగా గీరినా మచ్చ పడొచ్చు. పోతే, ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతారు, కళ్లజోడు తీసి పెట్టెలో పెడతారు. మీ బాబు పరుగెత్తుతాడు, పడతాడు, మెట్ల మీద తోటి పిల్లలతో తోసుకుంటాడు. గాజు పగిలితే పదునైన పెంకులవుతుంది, అవి వెళ్లేది కంటిలోకి. వేడిచేసి చల్లార్చి గట్టిపరిచిన గాజుకి దెబ్బ తట్టుకునే శక్తి పెరుగుతుందిగానీ, అదీ పగిలేదే. దాని మీద చిన్న గీత లోతుగా పడితే ఆ శక్తి కూడా తగ్గిపోతుంది.

అమెరికాలో 1972 నుంచి, కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, అమ్మే కళ్లద్దాలన్నీ దెబ్బ తట్టుకునేవై ఉండాలన్న నిబంధన ఉంది. దానికి పెట్టే పరీక్ష ఇది. పదహారు గ్రాముల ఉక్కు గుండుని 127 సెంటీమీటర్ల ఎత్తు నుంచి అద్దం మీదికి జారవిడుస్తారు, అద్దం పగలకూడదు. సరిగ్గా గట్టిపరిచిన గాజు కూడా ఈ పరీక్ష నెగ్గుతుంది. కానీ పదహారు గ్రాములంటే ఎంత? టెన్నిస్ బంతి 56 గ్రాములకు పైనే ఉంటుంది, క్రికెట్ బంతి దాదాపు 160. పాలీకార్బొనేట్ ఆ పరీక్షని ఎంతో మిగులుతో దాటుతుంది. హెల్మెట్ ముందుండే పారదర్శకమైన రేకూ, కార్ఖానాల్లో పెట్టుకునే రక్షణ కళ్లజోళ్లూ ఎక్కువగా దీనితోనే చేస్తారు. దెబ్బ తగిలినప్పుడు అది పెంకులు కాకుండా వంగి, సొట్టపడి ఆ జోరుని మింగేస్తుంది. పైగా సూర్యకాంతిలోని అతినీల కిరణాలను ఏ పూతా లేకుండా తనంతట తానే దాదాపు పూర్తిగా ఆపుతుంది. 1.67 ప్లాస్టిక్ గాజు కంటే చాలా నయం, దెబ్బ విషయంలో మాత్రం పాలీకార్బొనేట్‌కి సాటి రాదు.

మామగారి వాదనలో కాలం లెక్క కూడా ఉంది. గాజు ఇరవై ఏళ్లు నిలుస్తుంది, సరే. మీ బాబు పవర్ ఏడాదిన్నరలో ఒకటిన్నర పెరిగింది. ఈ వయసులో అద్దం ఏడాదికి మించి వాడటం అరుదు. ఇరవై ఏళ్లు నిలిచే ఉపరితలం వాడికి అక్కర్లేదు, ఏడాది పాటు తేటగా ఉండేది చాలు. హైఇండెక్స్ ఖరీదు విషయంలోనూ ఇదే లెక్క.

ఆ పెరుగుదల గురించి ఒక మాట. కొత్త పవర్ కంట్లో చుక్కల మందు వేసి చూశారో లేదో కనుక్కోండి. పిల్లల కళ్లలో దగ్గరి చూపుకి పనిచేసే కండరం పరీక్ష సమయంలో బిగుసుకుని ఉంటే, ఉన్నదానికంటే ఎక్కువ మైనస్ వస్తుంది. చుక్కలు వేసి ఆ కండరాన్ని వదులుచేశాక వచ్చేదే అసలు పవర్. షాపులో కంప్యూటర్ మెషీన్ ఇచ్చిన కాగితమే మీ దగ్గర ఉంటే, అద్దాలకి డబ్బు కట్టకముందే పిల్లల కళ్లు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పవర్ ఇంత వేగంగా పెరుగుతోంది కనుక, ఆ వేగాన్ని తగ్గించే ప్రత్యేక అద్దాలు బాబుకి పనికొస్తాయా అని కూడా అక్కడే అడగండి. వాటిలో కొన్ని పాలీకార్బొనేట్‌తోనే తయారవుతాయి.

ఇప్పుడు గీతలు. పాత అద్దాలు ఆరు నెలలకే ఎందుకు పోయాయో తెలియకుండా కొత్తవి వేయిస్తే మళ్లీ అదే జరుగుతుంది. ఆ పాత జోడు ఒకసారి తీసి, ట్యూబ్‌లైటు కింద వంచి చూడండి. సన్నటి గీతలు ఒకే దిక్కుకో, వంపు తిరిగి గుండ్రంగానో, ముఖ్యంగా మధ్యభాగంలో ఉంటే అవి తుడవడం వల్ల పడ్డవి. అద్దమంతా సాలెగూడులా సన్నని బీటల వల కనిపిస్తే అది వేడి పని. ఎండలో ఆగిన కారు డాష్‌బోర్డు మీదో, వేడినీళ్ల కిందో అద్దం పెడితే ప్లాస్టిక్ ఎక్కువ సాగుతుంది, పైనున్న పూత అంత సాగలేదు, పగుళ్లిస్తుంది. మూడో రకం, అంచుల దగ్గర పొరలు పొరలుగా మచ్చల్లా పూత లేచిపోవడం. వేడి తగలకుండా, కొన్ని వారాల్లోనే ఇలా లేస్తే పూత సరిగ్గా పట్టలేదని అర్థం, షాపుని అడిగి మార్పించుకోవచ్చు.

మీ బాబు విషయంలో మొదటిదే అయ్యుంటుందని నా అంచనా. బడిలో మట్టి, సుద్దపొడి అద్దం మీద పడతాయి. మట్టిలో ఉండే ఇసుక రేణువు గాజు కంటే కూడా గట్టిది. పొడిగా ఉన్న అద్దాన్ని యూనిఫాం చొక్కా అంచుతో రుద్దినప్పుడు ఆ రేణువు గుడ్డకీ అద్దానికీ మధ్య నలుగుతూ గీత గీస్తుంది. గుడ్డ మెత్తగా ఉన్నంత మాత్రాన లాభం లేదు, దాని కింద రేణువు ఉండనే ఉంది. అందుకే ముందు కుళాయి కింద చల్లటి నీళ్లతో మట్టి కడిగేయాలి. ఒక చుక్క చేతులు కడుక్కునే లిక్విడ్‌ని వేళ్లతో రాసి, మళ్లీ కడిగి, అప్పుడు ఉతికిన మెత్తటి గుడ్డతో అద్దాలి. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇది వస్తుంది. బడికి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మీ ముందే చేయించండి. బడిలో మాత్రం చొక్కాతో తుడవద్దని, మరీ మసకగా ఉంటే నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లమని చెప్పండి. గోళ్లరంగు తుడిచే ద్రావకం, పెయింట్లలో కలిపే థిన్నర్ పాలీకార్బొనేట్‌కి తగలకూడదు. ఆ పదార్థమే బీటలిచ్చి తెల్లబడుతుంది, దానికి మరమ్మతు లేదు.

కోటింగ్ గురించి షాపులో ఒక్కటే గట్టిగా అడగండి. హార్డ్ కోటింగ్ అద్దానికి రెండువైపులా ఉందా? ఫ్యాక్టరీ నుంచి సిద్ధంగా వచ్చే మామూలు పవర్ల అద్దాలకి సాధారణంగా రెండువైపులా ఉంటుంది. పవర్‌ని బట్టి ల్యాబులో వెనకవైపు చెక్కి తయారుచేసే అద్దాలకి, చెక్కిన ఆ వైపున మళ్లీ పూత వేయాలి. అది నాసిరకంగా వేస్తే కంటివైపు ముందు గీతలు పడతాయి. మీ బాబుది ఎక్కువగా సిలిండర్ లేని పవరైతే సిద్ధంగా దొరికే అద్దమే సరిపోవచ్చు, చవక కూడా. దాని పైన మెరుపు తగ్గించే పూత ఉంటే బాగుంటుంది. పాలీకార్బొనేట్ గాజు కంటే వెలుతురుని ఎక్కువ తిప్పికొడుతుంది కాబట్టి ఆ పూత లేకపోతే రాత్రి ట్యూబ్‌లైటు నీడలు అద్దంలో కనపడతాయి. నీలికాంతిని ఆపుతుందని చెప్పే పూతకి విడిగా డబ్బు కట్టమంటే నేనైతే కట్టను.

పాలీకార్బొనేట్‌కి ఒక లోపం ఉంది, అది దాచకూడదు. తెల్లటి వెలుతురుని అది గాజు కంటే ఎక్కువగా రంగులుగా విడగొడుతుంది. అద్దం మధ్యలోంచి చూసినంతసేపు ఏమీ తెలియదు. కళ్లు పక్కకి తిప్పి అంచులోంచి చూస్తే, కిటికీ చువ్వలకీ తెల్లగోడ మీది నల్ల అక్షరాలకీ పక్కన సన్నటి నీలం, నారింజ రంగు గీతలు కనిపించవచ్చు. మైనస్ నాలుగున్నరకి ఇది ఉండే అవకాశం ఉంది. అయితే 1.67లోనూ ఈ లోపం దాదాపు ఇంతే. కాబట్టి దీన్నించి తప్పించుకోవడానికి హైఇండెక్స్ కొనడంలో అర్థం లేదు. పిల్లలు పక్కకి చూడాలంటే కళ్లకి బదులు తలే తిప్పడం అలవాటు చేసుకుంటారు, కొద్దిరోజుల్లో మరిచిపోతారు. చిన్న ఫ్రేములో ఆ అంచుభాగమే తక్కువ. రెండు వారాలు దాటినా బాబు రంగులు కనిపిస్తున్నాయనో, నేల వంగినట్టుందనో అంటుంటే ముందు పదార్థాన్ని అనుమానించకండి. అద్దాల కేంద్రాలు వాడి పాపలకి ఎదురుగా పడ్డాయో లేదో షాపులో కొలిపించండి. ఈ ఫిర్యాదులకి ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

రంగుల బెడద తక్కువగా ఉండి, దెబ్బని దాదాపు పాలీకార్బొనేట్ లాగే తట్టుకునే ప్లాస్టిక్ ఇంకొకటి ఉంది, ట్రైవెక్స్ అంటారు. అన్నిటికంటే తేలికైన పదార్థం కూడా అదే. మీ ఊళ్లో దొరికితే, ధర అందుబాటులో ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. అంచు పాలీకార్బొనేట్ కంటే కాస్త మందం, మన ఉదాహరణలో 4.6 మిల్లీమీటర్లు వస్తుంది. కోటింగ్ దానికీ కావాలి.

ఇక కొనేచోట జాగ్రత్త. చాలా షాపుల్లో ప్లాస్టిక్ అద్దాలన్నిటినీ ఫైబర్ అనీ, అన్‌బ్రేకబుల్ అనీ కలిపేసి అమ్ముతారు. వాటిలో ఎక్కువగా అమ్ముడయ్యేది 1.56 అనే మామూలు ప్లాస్టిక్. పెద్దవాళ్లకి చవకగా బాగానే పనికొస్తుంది, కానీ దెబ్బకి పెళుసు. పాలీకార్బొనేట్‌తో దానికి పోలిక లేదు. చిన్న షాపులకి పాలీకార్బొనేట్ అంటే కాస్త వెనకడుగు కూడా ఉంటుంది. గాజునీ మామూలు ప్లాస్టిక్‌నీ అరగదీసే రాయి మీద అది పొడిపొడిగా రాలదు, వేడెక్కి జిగటగా అంటుకుంటుంది. వేరే చక్రం, వేరే పద్ధతి కావాలి. అవి లేనివాళ్లు విజయవాడో గుంటూరో ల్యాబుకి పంపాలి, రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం భరించండి. బిల్లు మీద పాలీకార్బొనేట్ అని రాయించుకోండి, అద్దాలు వచ్చిన కాగితం కవర్లు మీకివ్వమనండి. వాటి మీద 1.59 అంకె, పక్కన పీసీ అన్న ఇంగ్లీషు అక్షరాలో, పూర్తి పేరో ఉండాలి. 1.56 అని ఉంటే అది వేరే సరుకు.

కవర్లు పోయినా ఇంట్లో చూసుకునే ఉపాయం ఉంది. లాప్‌టాప్ తెర మీద తెల్లటి ఖాళీ పేజీ తెరవండి. ఎవరి దగ్గరైనా పోలరైజ్డ్ చలువ కళ్లజోడు ఉంటే అడిగి, దాని ఒక అద్దాన్ని కంటికి అడ్డంగా పెట్టుకుని, తెర బాగా చీకటి అయ్యేదాకా మెల్లగా తిప్పండి. చాలా తెరలు ఒక కోణంలో దాదాపు నల్లబడతాయి. అప్పుడు బాబు కళ్లజోడుని తెరకీ మీకూ మధ్య పట్టుకోండి. పాలీకార్బొనేట్ అయితే అద్దంలో వెలుతురు మచ్చలు, ఇంద్రధనుస్సు రంగుల చారలు అద్దమంతా కనిపిస్తాయి. కరిగించిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి ఒత్తిడితో కొట్టి దాన్ని తయారుచేస్తారు, ఆ ఒత్తిడి ఆనవాళ్లు లోపల మిగిలిపోతాయి. 1.56, 1.67 అద్దాలని అచ్చులో పోసి నెమ్మదిగా గట్టిపడనిస్తారు. అవి దాదాపు చీకటిగానే ఉంటాయి, ఫ్రేము బిగుతుగా నొక్కుతున్న చోట అంచున కొద్దిగా తెల్లగా కనిపించవచ్చు. ట్రైవెక్స్ కూడా పోతపోసిందే కాబట్టి దానికి ఈ పరీక్ష పనికిరాదు. పాలీకార్బొనేట్‌లో ఫ్రేము స్క్రూ దగ్గర మాత్రమే రంగులు బాగా చిక్కగా కనిపిస్తే అక్కడ బిగింపు ఎక్కువైందని అర్థం. వదులు చేయమని చెప్పండి, లేకపోతే కొన్ని నెలలకి ఆ చోట నెర్రె పడుతుంది.

మీ ఆయన 1.67 వాడటంలో తప్పేమీ లేదు. పెద్దవాళ్ల పవర్ ఏళ్ల తరబడి నిలకడగా ఉంటుంది, ఫ్రేములు పెద్దవి, పవర్ కూడా ఎక్కువైతే తేడా బాగా తెలుస్తుంది. ఉదాహరణకి మైనస్ ఏడు పవర్‌ని 50-18 ఫ్రేములో, పాపల దూరం 62 ఉన్న మనిషికి వేస్తే, పాలీకార్బొనేట్ అంచు 6.2 మిల్లీమీటర్లు వస్తుంది. మధ్యలో 1.2కి తగ్గించిన 1.67 అంచు 5.3. దాదాపు ఒక మిల్లీమీటరు తేడా, ముఖం మీద కనిపిస్తుంది. మీ బాబు పదహారు, పదిహేడేళ్లవాడై, పవర్ ఆగి, ఆరు దాటి ఉంటే అప్పుడు వాడి కోసం కూడా హైఇండెక్స్ ఆలోచించవచ్చు. ఒకే కన్ను బాగా కనపడి రెండోది బలహీనంగా ఉన్న పిల్లలకి మాత్రం ఏ వయసులోనైనా పాలీకార్బొనేట్, లేదా ట్రైవెక్స్, ఈ రెండే. ఉన్న ఒక్క మంచి కన్నునీ కాపాడుకోవాలి కాబట్టి ఇందులో అందానికీ మందానికీ చోటు లేదు.

చివరగా ఒక హద్దు. రోజూ పెట్టుకునే కళ్లజోడులో పాలీకార్బొనేట్ ఉన్నంత మాత్రాన అది ఆటల రక్షణ కళ్లజోడు కాదు. గట్టి బంతి తగిలితే అద్దం పగలకపోయినా, ఫ్రేములోంచి ఊడి కంటివైపు రావచ్చు, లేదా ఫ్రేమే విరిగి గుచ్చుకోవచ్చు. బాబు లెదర్ బంతితో క్రికెట్‌కో, షటిల్ కోచింగ్‌కో వెళ్తుంటే, తల చుట్టూ పట్టీ ఉండి, ముఖానికి ఆనుకునే చోట మెత్తటి అంచున్న ఆటల కళ్లజోడు వేరే చేయించాలి. అందులో అద్దం మందం మధ్యలో కనీసం 2 మిల్లీమీటర్లు ఉండేలా చెప్పండి, 3 అయితే ఇంకా మంచిది. క్రికెట్‌లో బ్యాటింగ్‌కి దిగితే ముందు జాలీ ఉన్న హెల్మెట్ దాని మీద ఉండాల్సిందే. వీధిలో రబ్బరు బంతితో ఆడుకోవడానికి మాత్రం రోజూ పెట్టుకునే జోడుకే కాడల వెనక సాగే పట్టీ కట్టి పంపండి.